ఎడమ గడి కంటికి, కుడి గడి చెవికి

(రాయగడలో ఒక ఆదివారం, కంపెనీలకి ట్రైనింగ్ వీడియోలు తీసే కుర్రాళ్ళు, సేఫ్టీ వాళ్ళు కలిసి కూర్చున్నప్పుడు మాట్లాడింది. రికార్డింగ్ విని టైపు చేసిందే, పెద్దగా దిద్దలేదు.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డ తమ్ముళ్ళు ముందుకొచ్చేయండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మైకు వినిపిస్తోందా? సరే.

మీలో సగం మంది పెళ్ళి వీడియోలు తీసినవాళ్ళే, నేనూ అక్కణ్ణించి వచ్చినవాణ్ణే, గుణుపూర్‌లో, పర్లాకిమిడిలో ఎన్ని తాళిబొట్లు షూట్ చేశానో లెక్కలేదు. పెళ్ళికి స్క్రిప్టు అక్కర్లేదు, పంతులుగారే స్క్రిప్టు, ఆయన ఏది ముందు చేయిస్తే అది ముందు. కంపెనీ వీడియోకి అలా కుదరదండీ, ఎడమ గడిలో కనిపించేది, కుడి గడిలో వినిపించేది రాసిన రెండు కాలమ్స్ టేబుల్లో స్క్రిప్టు ఉండాలి. ఎందుకు కుదరదో నేను చేసిన ఒక తప్పు చెప్తాను, టేబుల్ సంగతి ఆ తర్వాత, ఎందుకంటే టేబుల్ ఎలా గియ్యాలో చెప్పడానికి రెండు నిమిషాలు చాలు, ఎందుకు గియ్యాలో మాత్రం తప్పు చూస్తేనే బుర్రకెక్కుతుంది.

కొన్నేళ్ళ క్రితం ఒక ఫ్యాక్టరీకి కన్వేయర్ బెల్టు రిపేరు ముందు కరెంటు తీసి తాళం వేసే వీడియో చేశాం, లాకౌట్ ట్యాగౌట్ అంటారు కదా అది. స్క్రిప్టు నేనే రాశాను, రెండు కాలమ్స్ కూడా గీశాను, చూడ్డానికి భలే ఉంది. ఎడమ గడిలో "ఆపరేటర్ కన్వేయర్ ఆపి, పవర్ ఐసొలేట్ చేసి, తాళం వేసి, ట్యాగ్ తగిలిస్తాడు" అని రాశాను. కుడి గడిలో వాళ్ళిచ్చిన ఎస్ఓపీ, అంటే పని ఎలా చెయ్యాలో రాసిన కంపెనీ కాగితం, దాన్లోంచి పేరాకి పేరా ఎత్తి పెట్టేశాను, బెల్టు ఆపాలి, పవర్ సప్లై పూర్తిగా ఆఫ్ చెయ్యాలి, సొంత తాళం వెయ్యాలి, ట్యాగ్ తగిలించాలి, అన్నీ ఒకే వరసలో. షూటింగ్ అయ్యింది, ఎడిటింగ్‌కి పంపాను, నేనేమో బరంపురం వేరే పని మీద పోయాను. ఎడిటర్ కుర్రాడు ఏం చేశాడంటే, వాడి దగ్గర స్టాప్ బటన్ నొక్కే క్లోజప్ ఒకటి చాలా బాగా వచ్చింది, ఎర్ర బటన్, పచ్చ గ్లవ్, వెనకాల బెల్టు నెమ్మదిగా ఆగడం, అది ఎనిమిది సెకన్లు ఉంది, దాన్ని పెట్టాడు. సరిగ్గా ఆ ఎనిమిది సెకన్లలోకే వాయిస్‌లో "పవర్ సప్లై పూర్తిగా ఆఫ్ చెయ్యాలి" అన్న మాట వచ్చి పడింది.

ఏటయ్యిందో అర్థమైందా? బొమ్మలో స్టాప్ బటన్, మాటలో పవర్ ఆఫ్. చూసినవాడు నేర్చుకునేది ఏటంటే ఎర్ర బటన్ నొక్కితే కరెంటు పోయినట్టే అని. పోదు కదా! బటన్ నొక్కితే కంట్రోల్ సర్క్యూట్ తెగి, మోటార్‌కి కరెంటు కలిపే స్విచ్చు, కాంటాక్టర్ అంటారు, అది వదులుతుంది, మోటార్ ఆగుతుంది, అంతే, ప్యానెల్లో ఆ కాంటాక్టర్ వరకూ కరెంటు అలాగే ఉంటుంది, అవతల ఎవడో వచ్చి స్టార్ట్ నొక్కితే బెల్టు మళ్ళీ కదుల్తుంది, ఆ టైములో మనవాడి చెయ్యి రోలర్ దగ్గర ఉంటుంది. ఎమర్జెన్సీ స్టాప్ అయినా కథ ఇంతే, ఆపుతుంది గాని ఐసొలేట్ చెయ్యదు, అంటే కరెంటుని పూర్తిగా విడదీయదు. ప్రివ్యూలో అక్కడి సేఫ్టీ ఆఫీసర్ గారు చూసి ఆపేశారు కాబట్టి సరిపోయింది. ఆయన నన్ను తిట్టలేదు, నా స్క్రిప్టు ప్రింటు తీసి ఆ వరస చుట్టూ పెన్నుతో గీత గీసి, "మాస్టారూ, ఇందులో ఎన్ని పనులున్నాయి?" అని అడిగారు. లెక్కపెడితే నాలుగు. నాలుగు పనులకి ఒకే గడి.

ఎడిటర్ తప్పు లేదు. పక్కపక్కనే ఉన్న రెండు గడులంటే అర్థం ఒక్కటే, ఇది కనిపిస్తున్నప్పుడే అది వినిపించాలి అని. నేను ఒక గడిలో నాలుగు పనులు పోసి, పక్క గడిలో నాలుగు వాక్యాలు పోస్తే, ఏ పనికి ఏ వాక్యమో వాడికెలా తెలుస్తుంది? సినిమా స్క్రిప్టులో ఈ గొడవ ఇలా ఉండదు, అది పేజీకి ఒకే కాలమ్, పేజీకి సుమారు ఒక నిమిషం అని లెక్క వేస్తారు, అక్కడ కథ నడిపేది మనుషులు, వాళ్ళ డైలాగులు. మన వీడియోల్లో చేతులు పని చేస్తుంటాయి, గొంతు ఎక్కణ్ణించో వస్తుంటుంది, ఆ రెంటినీ ముడెయ్యడానికే ఈ రెండు గడులు. యాడ్ ఫిల్ములు, టీవీ వాళ్ళు వాడే పద్ధతే ఇది. ఎక్కువమంది వీడియో ఎడమ, ఆడియో కుడి పెడతారు, కొంతమంది తిరగేస్తారు, ఏదైనా పర్లేదు గాని స్క్రిప్టు మొత్తం ఒకేలా ఉండాలి.

ఇప్పుడు అదే సీను మళ్ళీ రాసింది చూపిస్తాను. స్లైడు వెయ్యి నాన్నా. ఎడమ పక్కన సన్నగా వరస నంబరుంటుంది, దాని సంగతి తర్వాత.

వరస 7
వీడియో: క్లోజప్. స్టాప్ బటన్. గ్లవ్ వేసుకున్న చెయ్యి నొక్కుతుంది. వెనకాల బెల్టు ఆగుతుంది.
ఆడియో: వాయిస్: ముందు బెల్టు ఆపండి. బెల్టు ఆగింది గాని, కరెంటు ఇంకా పోలేదు.

వరస 8
వీడియో: ఆపరేటర్ ప్యానెల్ ముందు, నడుం నుంచి పైకి. ఐసొలేటర్ హ్యాండిల్ పట్టుకుని ఆఫ్‌కి తిప్పుతాడు. కట్. క్లోజప్, హ్యాండిల్ ఆఫ్ గుర్తు మీద. తెరమీద రాత 3: ఐసొలేటర్ ఆఫ్.
ఆడియో: వాయిస్: ప్యానెల్ దగ్గరికెళ్ళి ఐసొలేటర్ ఆఫ్ చెయ్యండి. చప్పుడు: హ్యాండిల్ పడ్డ టక్కు.

వరస 9
వీడియో: క్లోజప్, కట్ చెయ్యకుండా. హ్యాండిల్ కన్నంలో హాస్ప్ పెడతాడు, తన తాళం వేస్తాడు, తాళంచెవి తీసి జేబులో పెడతాడు.
ఆడియో: వాయిస్: మీ తాళం మీరే వెయ్యండి. తాళంచెవి మీ దగ్గరే ఉండాలి. తర్వాత మాటలు లేవు, మ్యూజిక్ లేదు. చప్పుడు: తాళం పడింది.

ఇందులో మీరు గమనించాల్సింది మొదట 7 లో వాయిస్. "బెల్టు ఆగింది గాని కరెంటు ఇంకా పోలేదు". బెల్టు ఆగడం కళ్ళకి కనిపిస్తుంది, కరెంటు ఉన్నట్టు కనిపించదు, కాబట్టి ఆ మాట గొంతుతోనే చెప్పాలి. కుడి గడికి ఉన్న అసలు పని ఇదే, బొమ్మ చెప్పలేనిది చెప్పడం. చాలామంది ఏం రాస్తారంటే "ఆపరేటర్ తన కుడి చేత్తో ఎర్ర బటన్ నొక్కుతున్నాడు" అని వాయిస్‌లో రాస్తారు, బాబూ కనిపిస్తోంది కదా, క్రికెట్ రేడియో కామెంటరీయా ఇది? పని చెయ్యమని చెప్పే మాట వేరు, అది ఉండాలి, "ఐసొలేటర్ ఆఫ్ చెయ్యండి" అని పని పేరు వినిపిస్తేనే పేరుకీ వస్తువుకీ జత కుదురుతుంది. చేస్తున్న పనిని మళ్ళీ వర్ణించడం దండగ.

ఎడమ గడికి వస్తే ఒకటే పరీక్ష. అక్కడ రాసింది కెమెరా తీయగలదా లేదా? "ఆపరేటర్ ప్రమాదం గుర్తించి జాగ్రత్తపడతాడు" అని రాశారనుకోండి, గుర్తించడాన్ని ఏ లెన్సుతో తీస్తారు? ఆగి, బెల్టు వైపు చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంటాడు అని రాయండి, అది తీయొచ్చు. ఇంకోటి నాకు బాగా చిరాకు తెప్పించేది "సంబంధిత విజువల్స్" అని రాయడం. కుడి గడిలో పది వాక్యాలు, ఎడమ గడిలో సంబంధిత విజువల్స్. అంటే ఏటన్నమాట, నాకూ తెలీదు మీరే ఏదో ఒకటి వేసుకోండి అని. అప్పుడు ఎడిటర్ గేటు బోర్డు, హెల్మెట్లు పెట్టుకుని నవ్వుతున్న నలుగురు మనుషులు, మళ్ళీ గేటు బోర్డు వేస్తాడు.

తెరమీద రాత ఎక్కడ రాయాలని ఇందాక ఆ అమ్మాయి అడిగింది. అక్షరాలు కదా, మాటలే కదా అని చాలామంది ఆడియో గడిలో రాసేస్తారు. కాదమ్మా, అది కంటితో చదివేది, ఎడమ గడికే వెళ్తుంది. చెవితో వినేదే కుడి గడికి. ఇంకా ముఖ్యం, ఆ రాతలో ఉన్న మాట, వాయిస్‌లో ఉన్న మాట ఒకటే అవ్వాలి. తెర మీద "విద్యుత్ సరఫరా నిలిపివేత" అని ఉండి వాయిస్ "ఐసొలేటర్ ఆఫ్ చెయ్యండి" అంటే, చూసేవాడు చదువుతాడా వింటాడా, రెండూ సగం సగం అవుతాయి. షాపు ఫ్లోర్ మీద ఏ మాట అంటారో అదే రెండు చోట్లా పెట్టండి.

అంకెల సంగతి మాత్రం రెండు గడుల్లో రెండు రకాలుగా ఉండాలి. తెర మీద 415 V అని వెయ్యండి, ప్యానెల్ మీద ఉన్నట్టే, గుర్తుపడతాడు. ఆడియో గడిలో "నాలుగు వందల పదిహేను వోల్టులు" అని అక్షరాల్లో రాయండి. మా డబ్బింగ్‌కి ఒకాయన వచ్చి 415 ని ఫోర్ ఫిఫ్టీన్ అని చదివాడు, ఇంకో వరసలో నాలుగు ఒకటి ఐదు అన్నాడు, తప్పు ఆయనది కాదు, కాగితం మీద ఎలా చదవాలో రాయలేదు. ఎమ్‌సీసీ, ఎస్ఓపీ లాంటి పొట్టి పేర్లు కూడా అంతే, నోటితో ఎలా పలకాలో ఆడియో గడిలో అలాగే ఉండాలి.

ఇంకో చిన్న ఇబ్బంది మన లిపిలో ఉంది. ఇంగ్లీషు స్క్రిప్టుల్లో చాలాచోట్ల వీడియో గడి అంతా పెద్దక్షరాల్లో, చదివే మాట మామూలు అక్షరాల్లో రాస్తారు, చూడగానే తేడా తెలుస్తుంది. మన తెలుగులో, ఒడియాలో పెద్దక్షరాలు చిన్నక్షరాలు లేవు. అందుకని నేను "వాయిస్", "చప్పుడు" అన్న పేర్లని బోల్డ్ చేస్తాను, చదవకూడని సూచనలన్నీ బూడిద రంగులో పెడతాను. లేకపోతే వాయిస్ చెప్పేవాళ్ళు "తర్వాత మాటలు లేవు" అని కూడా చదివేస్తారు, నవ్వకండి, నిజంగా చదివారు.

9 వ వరసకి వద్దాం, దీన్ని కాస్త నిదానంగా చూడాలి. నేను ప్లాంటులో నిలబడి ఫోన్ స్టాప్‌వాచ్‌తో చూశాను, హాస్ప్, అంటే ఒకటికి మించి తాళాలు పట్టే కొక్కెం, అది పెట్టి తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టడానికి అక్కడి ఫిట్టర్‌కి 22 సెకన్లు పట్టింది. ఆ వరసలో వాయిస్ పైకి చదివితే 7 సెకన్లు. మిగిలిన 15 సెకన్లు ఏటి చెయ్యాలి? కొత్తలో నేను భయపడి ఇంకో మూడు వాక్యాలు కుక్కేవాణ్ణి, తాళం చరిత్ర, కంపెనీ పాలసీ, ఏదో ఒకటి. అవసరం లేదు. చేతులు పని చేస్తున్నప్పుడు నోరు మూసుకుంటేనే చూసేవాడు చేతుల్ని చూస్తాడు. కానీ ఆ మౌనాన్ని కూడా గడిలో రాయాలి, "మాటలు లేవు, మ్యూజిక్ లేదు" అని. గడి ఖాళీగా వదిలేస్తే ఎడిటర్‌కి అది మౌనమో, మీరు రాయడం మర్చిపోయారో తెలీదు, తెలీనప్పుడు మ్యూజిక్ పోస్తాడు. ఖాళీ గడి అనేది ఉండకూడదు, అటు గాని ఇటు గాని.

దీనికి ఉల్టా కూడా జరుగుతుంది, 4 సెకన్ల పనికి 15 సెకన్ల వాయిస్. అప్పుడు బొమ్మ ఆగిపోయి స్లో మోషన్లోకి వెళ్తుంది. అలాంటి వరస కనిపిస్తే వాయిస్ కోసెయ్యండి, లేదా ఆ మాటకి ఇంకో షాట్ ఇచ్చి వేరే వరస చెయ్యండి. టైము లెక్కకి ఇంగ్లీషువాళ్ళు నిమిషానికి 150 మాటలు అంటుంటారు, అది మనకి పనికిరాదు, మన మాట పొడుగు, "ఆపకపోయినట్లయితే" అన్నది మనకి ఒక్క మాటే కదా. మాటలు లెక్కపెట్టకండి, వాచీ పెట్టుకుని గట్టిగా చదవండి, కళ్ళతో కాదు నోటితో, కళ్ళతో చదివితే ఎప్పుడూ తక్కువే వస్తుంది.

ఇప్పుడు మన ఊళ్ళ ప్రత్యేకత ఒకటుంది, అది ఏ పుస్తకంలోనూ దొరకదు. ఒకే షిఫ్టులో ఒడియా వాళ్ళుంటారు, మనవాళ్ళుంటారు, హిందీ వాళ్ళుంటారు. కంపెనీ ఏం చేస్తుందంటే ఒకే వీడియో, మూడు ఆడియోలు అడుగుతుంది, డబ్బులు మాత్రం ఒకదానికే, సర్లెండి ఆ సంగతి వదిలేద్దాం. అప్పుడు మీ టేబుల్లో ఎడమ గడి ఒకటే, కుడి గడి మాత్రం మూడు సార్లు మారుతుంది. అందుకే ముందునుంచే ఎడమ గడిలో భాషకి కట్టుబడింది ఏదీ ఉండకుండా చూసుకోవాలి. 8 లో "తెరమీద రాత 3" అని నంబరు పెట్టాను చూశారా, ఆ రాతల జాబితా వేరే పేజీలో మూడు భాషల్లో ఉంటుంది, ఎడిటర్ నంబరు చూసి మార్చుకుంటాడు, బొమ్మని ముట్టుకోడు. వాయిస్ నిడివి కూడా మూడు భాషల్లో చదివించి, ఏది ఎక్కువసేపు పడితే దాని ప్రకారం షాట్ నిడివి పెట్టుకోవాలి. షూటింగ్‌లో ప్రతి షాట్ చివర నాలుగైదు సెకన్లు అదనంగా పట్టి ఉంచమని నేను ఎడమ గడిలోనే రాస్తాను, కెమెరామెన్‌కి విసుగే, ఎడిటింగ్‌లో దండం పెడతాడు.

కెమెరా వైపు చూసి సూపర్‌వైజర్ మాట్లాడే సీన్లు కూడా ఇక్కడే కొంప ముంచుతాయి. ఆయన ఒడియాలో మాట్లాడితే తెలుగు వెర్షన్లో పెదాలు ఒకటి, గొంతు ఒకటి. అందుకే ఆయన్ని పక్కనుంచి, పని చేస్తూ తీసేలా ఎడమ గడిలో రాసి, మాటల్ని వాయిస్‌కి ఇచ్చేస్తాను. ఆయన మొహం చూపించాల్సిందే అని మేనేజ్‌మెంటు పట్టుబడితే మొదట ఒక్క వరసలో చూపించి తప్పించుకుంటాను.

రెండు గడుల్లో దేనికీ చెందనివి కూడా ఉంటాయి. షూటింగ్‌కి పర్మిట్ తీసుకోవాలి, ఏ లైన్ ఎప్పుడు ఆపుతారు, రెండు తాళాలు ఒక ట్యాగ్ తెచ్చుకోవాలి, ఇది ఎస్ఓపీలో ఏ క్లాజు, ఇవన్నీ. కనిపించవు, వినిపించవు, కాబట్టి రెండు గడుల్లోనూ వద్దు. మొదటి పేజీలోనో, చివర్లో వేరే కాగితం మీదో రాసుకోండి. సేఫ్టీ వాళ్ళ కామెంట్లు కూడా గడిలో టైపు చెయ్యనివ్వకండి, పక్కన కామెంటుగా పెట్టమనండి, ఒకసారి ఒకాయన "ఇది కనుక్కోవాలి" అని వాయిస్ గడిలోనే రాశారు.

వరస నంబర్ల గురించి చెప్తానన్నాను. స్క్రిప్టు ఓకే అయ్యాక కొత్త వరస వస్తే 9 తర్వాత 9ఎ పెట్టండి, 10 ని 11 చెయ్యొద్దు. ఎందుకంటే అప్పటికే కెమెరామెన్ దగ్గర, డబ్బింగ్ దగ్గర పాత ప్రింట్లు ఉంటాయి, నంబర్లు జరిపేస్తే ఒడియా 11 తెలుగు 10 పక్కన కూర్చుంటుంది. అలాగే ట్యాబ్ కొట్టి కాలమ్స్ చెయ్యకండి, నిజమైన టేబుల్ పెట్టండి, ట్యాబులతో చేస్తే ఎడమ పక్కన ఒక్క మాట కలిపితే చాలు కుడి పక్క అంతా జారిపోతుంది. వర్డ్‌లో Allow row to break across pages అన్న టిక్ తీసెయ్యండి, గూగుల్ డాక్స్‌లో అది Allow row to overflow across pages అని ఉంటుంది. వరస సగంలో పేజీ తిరిగితే వాయిస్ చెప్పేవాళ్ళు కాగితం తిప్పిన చప్పుడు మైకులో పడుతుంది.

ఏటండీ? ...ఆ, ఆయన అడిగేది, ఒక వరసలో ఎంత రాయాలి అని. ఒక పని, ఆ పనికి సరిపడే మాట. 9 లో మూడు పనులున్నాయి కదా అంటారేమో, నిజమే, కానీ అక్కడ కట్ చెయ్యొద్దని రాశాను, తాళం వేసినవాడి జేబులోకే తాళంచెవి వెళ్ళిందని ఒకే షాట్లో కనిపించాలి, మధ్యలో కట్ పడితే అది ఎవరి చెయ్యో తెలీదు. దాని తర్వాత వరస 10 ట్యాగ్, 11 లో మళ్ళీ స్టార్ట్ బటన్ దగ్గరికొచ్చి నొక్కి చూస్తాడు, బెల్టు కదలదు. ఆ వరస ఆడియో గడిలో "బటన్ చప్పుడు. 3 సెకన్లు ఏమీ లేదు" అని ఉంటుంది. బెల్టు కదల్లేదని చెవికి తెలియాలంటే ఆ 3 సెకన్లలో మ్యూజిక్ ఉండకూడదు కదా.

ఇంకో ప్రశ్న తీసుకుని ఆపేస్తాను. అక్కా, మీరు చెప్పండి. ...కువి, సవర మాట్లాడేవాళ్ళకి ఎలాగ అని. మంచి ప్రశ్న అక్కా, కాంట్రాక్టు లేబర్లో చాలామంది వాళ్ళే, మనం చేసే మూడు ఆడియోల్లో వాళ్ళ భాష ఉండదు. నేను చేసేది ఏటంటే రఫ్ కట్ అవ్వగానే సౌండ్ పూర్తిగా తీసేసి అలాంటి ఒకరికి చూపించి, ఏం జరిగిందో చెప్పమంటాను. అంటే ఎడమ గడి ఒక్కటే పని చేస్తోందా లేదా అని. ఈ తాళం వీడియో ఒక లోడింగ్ కుర్రాడికి చూపిస్తే అంతా సరిగ్గా చెప్పాడు, 9 దగ్గరకొచ్చేసరికి మాత్రం, "ఆ తాళంచెవి వాడు దాచేసుకున్నాడు, ఇంకెవరికీ ఇవ్వడు" అన్నాడు, దొంగతనం చేసినట్టు. వాడికి కనిపించిందే వాడు చెప్పాడు. అప్పుడు 9ఎ కలిపాను, ఎడమ గడిలో "హెల్పర్ కూడా అదే హాస్ప్‌కి తన తాళం వేస్తాడు, తన తాళంచెవి తన జేబులో పెట్టుకుంటాడు, ఇద్దరూ జేబు తట్టి చూపిస్తారు". కుడి గడిలో ఒక్క వాక్యం, "ఎంతమంది పని చేస్తే అన్ని తాళాలు". మళ్ళీ ఆ కుర్రాడికే సౌండ్ లేకుండా చూపిస్తే, "ఎవడి తాళం వాడిదే" అన్నాడు.